ఉడతకు మూడు చారలు రావాలంటే

ఒకటో తరగతి పిల్లాడికి ఫోన్‌లో బొమ్మ చూపించి, "ఇదేంటి నాన్నా?" అని అడిగాం. ఒక్క క్షణం చూసి, "నక్క టీచర్" అన్నాడు. బొమ్మ కింద ఉన్న అక్షరం ఉ. మేము అనుకున్నది ఉడత.

పిల్లాడి తప్పేం లేదు. నారింజ రంగు ఒళ్లు, వీపు మీదికి వంగిన పెద్ద కుచ్చు తోక, నిలబెట్టిన చెవులు, చేతిలో ఏదో కాయ. అలాంటి ఉడత యూరప్ అడవుల్లో ఉంటుంది. మన ఇంటి గోడ మీద, వేపచెట్టు మీద పరుగెత్తేది బూడిద రంగులో, వీపున మూడు చారలతో, సన్నటి తోకతో ఉండే చిన్న జీవి. హోసూరు వైపు పిల్లలు రోజూ చూసేది దాన్నే. బొమ్మ గీసిన ఏఐ టూల్‌కు ఆ సంగతి మేము చెప్పలేదు. చెప్పకపోతే దానికి తెలిసిన ఉడత అదే.

సెలవుల్లో మేము నలుగురం టీచర్లం కూర్చుని అచ్చుల యాప్ ఒకటి మొదలుపెట్టాం. తమిళనాడులో 2006 నాటి చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి పాఠం అయింది. బడిలో మా పిల్లలకు తెలుగు దొరికే వేళ తక్కువ. సాయంత్రం అమ్మ ఫోన్‌లో పది నిమిషాలు అక్షరాలు చూసుకునే వీలుంటే బాగుంటుందని మా ఆలోచన. అక్షరం, బొమ్మ, నొక్కితే వినపడే మాట, అంతే. అక్షరం, మాట మేమే సమకూర్చుకోగలం. బొమ్మల దగ్గరే చిక్కు వచ్చింది. మాలో ఎవరికీ బొమ్మలు గీయడం రాదు.

పిల్లల యాప్‌లలో ఇప్పుడు ఎక్కువగా కనిపించే బొమ్మలను మీరూ చూసే ఉంటారు. మెత్తటి మట్టితో చేసి బల్ల మీద పెట్టినట్టు ఉంటాయి. అంచులన్నీ గుండ్రం, రంగులు లేతగా, వెలుతురు మెత్తగా, కింద పలచటి నీడ. మాకూ అవే కావాలనిపించింది. పసిపిల్లలకు ఆ గుండ్రదనం నచ్చడానికి కారణం ఉంది. పెద్ద తల, పెద్ద కళ్లు, బొద్దు బుగ్గలు, పొట్టి కాళ్లు చూస్తే మనకు పసిబిడ్డను చూసినట్టే ముద్దొస్తుందని ఆస్ట్రియా జీవశాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ 1943లోనే రాశారు. యాప్ బొమ్మలు చేసేవారు పాటించేదీ ఆ లెక్కే.

మొదట మేము టైప్ చేసింది ఇది. బొమ్మల టూల్‌కు మనం మాటల్లో ఇచ్చే ఆ వివరణనే ప్రాంప్ట్ అంటారు.

```
cute squirrel, 3D clay render, soft studio light,
rounded shapes, app illustration
```

చూడ్డానికి నిండుగానే ఉంది. ముద్దైన ఉడత, మట్టి బొమ్మ తీరు, మెత్తటి స్టూడియో వెలుతురు, గుండ్రటి ఆకారాలు, యాప్ కోసం బొమ్మ. కానీ ఇందులో నాలుగు ముక్కలు బొమ్మ తీరు గురించే ఉన్నాయి. ఉడత గురించి ఉన్నది ఒక్క మాట. ఆ ఒక్క మాట చుట్టూ ఉన్న ఖాళీని టూల్ తాను ఎక్కువసార్లు చూసిన బొమ్మలతో నింపుకుంటుంది. పైగా `cute` అనే మాట దాన్ని ఇంకాస్త కుచ్చు తోక వైపే లాగింది. ముద్దైన ఉడత పేరుతో లోకంలో తిరిగే బొమ్మలన్నీ అవే మరి.

ఇక్కడ మట్టి అనే మాట గురించి కాస్త చెప్పాలి. ఇందులో మాకు మొదటి వారం అర్థం కాని విషయం ఒకటి ఉంది. కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మలు చేసేవాళ్లకు `clay render` చాలా పాత మాట. బొమ్మకు రంగులు, చర్మం, బట్టల నేత ఏవీ వేయకముందు మొత్తానికి ఒకే మెరుపులేని పూత పూసి చూస్తారు. ఆకారం సరిగా వచ్చిందా, వెలుతురు ఎక్కడెక్కడ పడుతోంది అని సరిచూసుకోవడానికే ఆ పని. ఇంట్లో సున్నం వేశాక రంగు వేయడానికి ముందు గోడ ఎత్తుపల్లాలు కనిపిస్తాయే, అలాంటిది. అక్కడ మట్టి అంటే నునుపు. ఇంకోపక్క, రంగు మట్టితో బొమ్మలు చేసి, కొంచెం కొంచెం కదిపి ఒక్కొక్క ఫొటో తీసి సినిమాగా మలిచేవాళ్లున్నారు. వాళ్ల మట్టి మీద వేలిముద్రలు, గోటి గాట్లు కనిపిస్తాయి. టూల్‌కు మట్టి అని మాత్రమే చెబితే ఈ రెంటిలో ఏది ఇస్తుందో చెప్పలేం. మాకు ఒకసారి నున్నటి బొమ్మ వచ్చింది, ఇంకోసారి వేలిముద్రలతో వచ్చింది, మూడోసారి కుమ్మరి కాల్చిన కుండ రంగులో వచ్చింది. అందుకే మాకు కావలసిన మట్టిని విడమరిచి `matte smooth clay` అని రాశాం. మెరుపు లేని, నున్నటి మట్టి అని. ఆ `matte` లేకపోతే బొమ్మ మట్టిలా కాక తిరునాళ్లలో అమ్మే ప్లాస్టిక్ బొమ్మలా మెరుస్తుంది. తెలుసుకోవడం సులువే. నెత్తి మీద, ముక్కు మీద తెల్లటి చుక్కలా మెరుపు కనిపిస్తే అది ప్లాస్టిక్ వైపు జారినట్టు. కళ్లలో మాత్రం ఆ చుక్క ఉండాలి. లేకపోతే చూపు జీవం లేనట్టుంటుంది.

ఉడత దగ్గరికి వద్దాం. ప్రాంప్ట్‌ను రెండు ముక్కలు చేసుకోవడం మాకు బాగా పనికొచ్చింది. మొదటి ముక్క బొమ్మ దేనిదో చెబుతుంది. రెండోది ఎలా ఉండాలో చెబుతుంది. మొదటిది ప్రతి అక్షరానికీ మారుతుంది, రెండోది అన్నిటికీ ఒకటే. దేనిదో చెప్పే ముక్క ముందు ఉండాలి. కొన్ని టూల్స్ ప్రాంప్ట్ పొడవుకు హద్దు పెట్టుకుంటాయి. 2022లో వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ తొలి రకాల్లో మాటలను చదివే భాగం ఒక విడతకు 77 టోకెన్లే తీసుకునేది. టోకెన్ అంటే మాటో, మాటలో ముక్కో అనుకోండి. పొడవుగా రాసుకుంటూ పోతే చివరున్నవి లెక్కలోకి రాకపోవచ్చు. తెలుగులోనే రాయొచ్చు కదా అని మాకూ అనిపించింది. రాసి చూశాం. కొన్ని టూల్స్ బాగానే అర్థం చేసుకున్నాయి, కొన్ని ఏదో ఒకటి గీసి చేతిలో పెట్టాయి. పాత టూల్స్ ఎక్కువగా ఇంగ్లిష్ మాటలు చూసి నేర్చుకున్నవి. అందుకే చివరికి ప్రాంప్ట్‌ను ఇంగ్లిష్‌లో ఉంచాం.

మూడు రోజుల తర్వాత ఉడత ముక్క ఇలా కుదిరింది.

```
small Indian palm squirrel on all fours,
grey-brown clay body, three cream clay stripes
from neck to tail, thin straight tail,
seen from the side and slightly above
```

మొదటి మాటలోనే మన దేశపు ఉడత అని దాని ఇంగ్లిష్ పేరుతో చెప్పాం. దక్షిణాదిన మనం చూసేదానికి మూడు చారలు. ఉత్తరాదిన ఐదు చారల ఉడత వేరే ఉంది. కాబట్టి దేశం పేరుతో సరిపెట్టకుండా చారల లెక్క కూడా చెప్పాల్సి వచ్చింది. మట్టి బొమ్మకు వెంట్రుకలు ఉండవు, అందుకని చారలు కూడా మట్టివే అన్నాం. లేత రంగు మట్టి పట్టీలు అతికినట్టు చక్కగా వచ్చాయి. నాలుగు కాళ్ల మీద ఉండాలని చెప్పింది ఎందుకంటే, చెప్పకపోతే అది రెండు కాళ్ల మీద నిలబడి కాయ పట్టుకుంటుంది.

అన్నిటికంటే ఆలస్యంగా తట్టింది చివరి మాట. ఒకరోజంతా చారలు రావడం లేదని తల పట్టుకున్నాం. `three stripes` అని రెండుసార్లు రాసినా లేవు. తీరా బొమ్మలన్నీ పరిచి చూస్తే ఉడత మా వైపే తిరిగి ఉంది. ఎదురుగా ఉన్న ఉడతకు వీపెలా కనిపిస్తుంది? పిల్లల బొమ్మ అంటే టూల్ అలవాటుగా ముఖాన్ని మన వైపే తిప్పుతుంది. చూసే కోణాన్ని పక్కకు, కాస్త పైకి మార్చగానే చారలు బయటపడ్డాయి. బొమ్మలో ఒక గుర్తు రావడం లేదంటే, ఆ గుర్తు కనిపించే కోణం నుంచి చూస్తున్నామా అన్నది ముందు చూసుకోవాలని అప్పటి నుంచి మాకు అలవాటైంది. ఏనుగు తొండం, ఒంటె మూపురం కూడా అంతే. ఎదురుగా చూస్తే రెండూ ముద్దలే.

లెక్క మాత్రం ఎప్పుడూ పక్కాగా రాలేదు. మూడు అంటే ఒక్కోసారి నాలుగు చారలు, ఒక్కోసారి రెండు. చారలు ముఖం మీదికి పాకిన ఉడతా వచ్చింది. ఈ టూల్స్ లెక్క విషయంలో నమ్మదగ్గవి కావు. ప్రాంప్ట్‌ను ఇంకా సాగదీయడం కంటే అదే ప్రాంప్ట్‌తో ఎనిమిది పది బొమ్మలు తీసి ఏరుకోవడం తక్కువ శ్రమ. అలాగే, వద్దన్నవి రాయడం కూడా ఎదురు తన్నుతుంది. కాయ వద్దని `no nut` అని రాస్తే ఇంకా పెద్ద కాయ వచ్చింది. మాటలు చదివే భాగానికి కాయ అన్న మాట తగిలినంతగా వద్దన్న మాట తగలదు. వద్దన్నవి రాసేందుకు విడిగా పెట్టె ఉన్న టూల్ అయితే అక్కడ రాయాలి. లేదంటే కావలసినదే చెప్పాలి. నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నాయంటే కాయ పట్టుకోవడానికి చెయ్యి మిగలదు.

ఇక రెండో ముక్క, అన్ని అక్షరాలకూ ఉమ్మడిది.

```
3D clay render, matte smooth clay, rounded edges,
simple shapes, large softbox from upper left,
soft contact shadow, plain pale yellow background,
centered, square
```

ఇందులో వెలుతురు గురించిన మాట మీద ఎక్కువ కాలం ఆగాం. మెత్తటి వెలుతురు అంటే తక్కువ వెలుతురు అని మేము అనుకునేవాళ్లం. అది తప్పు. నీడ అంచు గట్టిగా ఉందా, కరిగిపోయినట్టు ఉందా అన్నది దీపం ఎంత వెలుగు ఇస్తుందన్న దాన్ని బట్టి ఉండదు. వస్తువుతో పోలిస్తే దీపం ఎంత పెద్దగా కనిపిస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో చిన్న బిళ్ల. అందుకే బడి ఆవరణలో మన నీడ కత్తితో కోసినట్టు పడుతుంది. మబ్బు పట్టిన రోజు ఆకాశమంతా దీపమే, నీడ ఎక్కడుందో వెతుక్కోవాలి. ఫొటో స్టూడియోల్లో దీపానికి తెల్లగుడ్డ కట్టిన పెద్ద పెట్టె తగిలిస్తారు. దాని పేరే `softbox`. బొమ్మకు దగ్గరగా, పెద్దదిగా ఉంటే నీడ అంచులు కరిగి వస్తాయి. టూల్ లోపల నిజంగా దీపమేమీ వెలగదు. అలాంటి దీపం కింద తీసిన ఫొటోల తీరును అది అనుకరిస్తుంది. అందుకే ఉత్త `soft light` కంటే ఆ పెట్టె పేరు చెప్పినప్పుడు మాకు నిలకడగా వచ్చింది.

గుండ్రటి అంచులకూ ఈ వెలుతురుకూ సంబంధం ఉంది. పదునైన అంచు మీద వెలుగు ఒక గీతలా తెగిపోతుంది. గుండ్రటి అంచు మీద వెలుగు నుంచి నీడలోకి మెల్లగా దిగుతుంది. మట్టి మెత్తగా ఉందని కంటికి తోచేది ఆ దిగుడు వల్లే. `soft contact shadow` అని చెప్పింది పాదాల కింద పడే నీడ కోసం. అది లేకపోతే ఏనుగైనా గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. ఏనుగు బొమ్మలో ఈ తప్పును మాకంటే ముందు మా వంటమ్మ పట్టుకుంది. "ఎగిరిపోతా ఉందే" అంది.

ఎడమ పైనుంచి అని ఎందుకు రాశామంటే, యాప్ మొదటి పేజీలో బొమ్మలన్నీ పక్కపక్కన కనిపిస్తాయి. ఆవుకు నీడ కుడివైపు, ఒంటెకు ఎడమవైపు పడితే విడివిడిగా చూసినప్పుడు తెలియదు. కలిపి పెట్టగానే ఏదో అతకలేదని కన్ను పసిగడుతుంది. చెప్పినా టూల్ కుడి ఎడమలు తారుమారు చేస్తూనే ఉంటుంది. దానికి తేలిక మందు ఫోన్ గ్యాలరీలోనే ఉంది. బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పేస్తే నీడ ఇటు వస్తుంది, ఆవు అటు చూస్తుంది. ఆవుకు పోయేదేం లేదు.

అలా తిప్పగలిగామంటే బొమ్మలో అక్షరం లేదు కాబట్టే. మొదట్లో మట్టితో చేసిన ఉ అక్షరం ఉడత పక్కనే ఉంటే ఎంత బాగుంటుందో అనుకుని అడిగాం. వచ్చింది ఉ కాదు, ఊ కాదు. తెలుగులా కనిపించే సున్నాలు, కొమ్ములు. పెద్దవాళ్లం నవ్వుకుని వదిలేస్తాం. అక్షరం మొదటిసారి చూస్తున్న బిడ్డకు అదే అక్షరం అనుకునే ప్రమాదం ఉంది. తలకట్టు, కొమ్ము, వత్తు ఒక్క వంపు మారితే ఇంకో అక్షరమయ్యే లిపి మనది. కాబట్టి బొమ్మలో అక్షరం పెట్టించడం పూర్తిగా మానేశాం. అక్షరాన్ని యాప్‌లో ఫాంటుతోనే వేశాం. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే `Baloo Tammudu 2` అనే తెలుగు ఫాంటు లావుగా, గుండ్రంగా ఉంటుంది. మట్టి బొమ్మ పక్కన దానికదే అతికిపోయింది.

అంగడి బొమ్మకూ ఇదే గొడవ. అం అంటే అంగడి, ఇక్కడి పిల్లలకు నోట్లో ఉన్న మాట. `shop` అనగానే అద్దాల తలుపు, చారల పందిరి, పైన అర్థం లేని రాతలతో బోర్డు వచ్చింది. బోర్డు లేని చిన్న చెక్క బంకు, ముందు వేలాడే అరటి గెల, గాజు సీసాలు అని విడమరిస్తే మా వీధి చివరి అంగడి వచ్చింది. ఊయల సంగతి ఇంకా తమాషా. `swing` అంటే పార్కులో ఇనుప గొలుసుల ఉయ్యాల, `cradle` అంటే చెక్క తొట్టి వచ్చాయి. చీర కట్టిన ఊయల కావాలంటే పైన దూలం, దాన్నుంచి వేలాడే గుడ్డ, గుడ్డ మధ్యలో బరువుకు కిందికి జారిన వంపు, ఇలా కట్టినట్టే వర్ణించాలి. పేరుతో పని కాలేదు. ఇక అమ్మ బొమ్మ. చీర అని చెప్పినా ఒంటి రంగు చెప్పకపోతే తెల్లగానే వస్తుంది. `warm brown skin` అని రాయాల్సి వచ్చింది. ఓ తల్లి తన ఫొటోనే ఎక్కించి మట్టి బొమ్మగా మార్చమని అడిగింది గానీ మేము ఒప్పుకోలేదు. పిల్లల ఫొటోలు, తల్లుల ఫొటోలు మనకు తెలియని కంపెనీ సర్వర్లకు పంపకూడదని ముందే అనుకున్నాం.

బొమ్మ బాగుందో లేదో పెద్ద తెర మీద చూసి తేల్చకూడదని కూడా ఆలస్యంగానే నేర్చుకున్నాం. బొమ్మ 1024 పిక్సెల్స్ వెడల్పున వస్తుంది, యాప్‌లో బొటనవేలంత కనిపిస్తుంది. అందుకే ప్రతి బొమ్మనూ ఫోన్‌లో గోరంత చేసి, చెయ్యి చాచి పట్టుకుని చూశాం. ఈగ అప్పుడే తప్పింది. రెక్కలు లేత నీలం, వెనకాల లేత పసుపు, రెండూ కలిసిపోయి నల్లటి మచ్చ మిగిలింది. రెక్కలకు ముదురు అంచు అడిగి తిరిగి చేయించాం. వెనకాల ఏమీ లేని బొమ్మ కావాలని `transparent background` అని అడిగినప్పుడు ఒక టూల్ నిజంగా ఖాళీ ఇవ్వకుండా ఖాళీకి గుర్తుగా వాడే బూడిద తెలుపు గళ్లనే గీసి ఇచ్చింది. అందుకే ఒకే రంగు వెనకతెర అడిగి, అవసరమైతే తర్వాత కత్తిరించుకున్నాం. బరువు కూడా చూసుకోవాలి. వచ్చిన బొమ్మలు ఒక్కొక్కటి ఒక ఎంబీ దాటాయి. వెడల్పు సగం చేసి వెబ్‌పీ రకంలోకి మార్చాక పాత ఫోన్లలోనూ యాప్ తడబడకుండా తెరుచుకుంది.

ఇంత చేసినా ఇవి చదునైన బొమ్మలే. త్రీడీ అని పేరే గానీ ఉడతను వెనక్కి తిప్పి చూడలేం. తిప్పమంటే టూల్ ఇంకో ఉడతను గీస్తుంది. తోక పొడవు మారుతుంది, చారలు మారతాయి. అదే ఉడత పరుగెత్తాలి, నిద్రపోవాలి అనుకుంటే బ్లెండర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నిజంగా త్రీడీ బొమ్మ చేయగలవాళ్లు కావాలి. అచ్చుకు ఒక బొమ్మ చాలు గనుక మేము ఇక్కడితో ఆగాం.

చివర్లో చేసిన పని మొదటే చేసి ఉంటే మూడు రోజులు మిగిలేవి. ఐదో తరగతి పిల్లలతో చెరువు మట్టి తెప్పించి నిజంగానే ఉడతను చేయించాం. చారలకు బియ్యప్పిండి ముద్ద సన్నగా పాకించి అతికించారు. ఉత్తరం వైపు కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, కిటికీకి తెల్ల పంచె కట్టి, ఫోన్‌తో పక్క నుంచి ఫొటో తీశాం. చాలా టూల్స్ మాటలతో పాటు నమూనా ఫొటో కూడా తీసుకుంటాయి. ఆ ఫొటో ఇచ్చి, కింద మా ఉమ్మడి ముక్క అతికించాం. మూడో ప్రయత్నంలోనే సరైన రంగు, సరైన తోక, సరిగ్గా మూడు చారలు. పంచె వల్ల వచ్చిన మెత్తటి నీడ కూడా అలాగే దిగింది. ఒంటె, ఓడ, అంగడి కూడా పిల్లలే మట్టితో చేసిపెట్టారు.

మిగిలింది ఔ. ఔషధం అని మందు సీసా అడిగితే ఇప్పటికి ఏడుసార్లు వచ్చింది. పిల్లలు ఒకసారి సాస్ అన్నారు, ఒకసారి తేనె అన్నారు, ఒకసారి అమ్మ తలనూనె అన్నారు. సీసా పక్కన చెంచా పెట్టి చూస్తున్నాం.